చెవి, కెవి, కివి: వీటిలో ఏది పాతది? ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నరు?

ఉట్నూరు సారు
నేను ఉట్నూరు దిక్కు ఒక ఆశ్రమ పాఠశాలల పంతులును. మా తరగతిల గోండు పిల్లలు, కోలాం పిల్లలు కలిసి కూసుంటరు. శరీర భాగాల పాఠంల నల్లబల్ల మీద 'చెవి' అని రాస్తే గోండు పిల్ల 'కెవి' అన్నది, కోలాం పిలగాడు 'కెవ్' అన్నడు. ఇద్దరు నవ్వుకున్నరు. నాకు మాత్రం బుర్ర తిరిగింది. 'చేయడం' అనే మాటకు గూడ గోండీల 'కీయానా' అంటరు. మన చ ఉన్న కాడ వాళ్లకు క ఉన్నది. ఇది వాళ్లు మన తెలుగు మాటను సరిగ్గ పలకలేక చేసుకున్నదా, లేకపోతె మనమే మార్చుకున్నమా? అసలు ఒక మాట పలికే తీరు ఎందుకు మారుతది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

డల్లాస్ బాబాయ్
మాస్టారూ, ఇందులో పెద్ద రహస్యమేం లేదు. అన్ని భాషలకూ తల్లి సంస్కృతం. 'శ్రవణం' కాస్తా 'చెవి' అయింది. అడవుల్లో ఉండేవాళ్లు దాన్ని ఇంకాస్త పాడుచేసి 'కెవి' అన్నారు. చదువు లేని చోట ఉచ్చారణ చెడిపోతుంది, అంతే.

టీనగర్ తెలుగు
బాబాయ్ గారు చెప్పింది నేను ఒప్పుకోను. మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్నాం. తమిళంలోనూ చెవిని 'సెవి' అంటారు, రాయడం 'చెవి' అనే. మామూలు మాటల్లో 'కాదు' అనే మాటే ఎక్కువ, అది వేరే సంగతి. తెలుగూ తమిళమూ రెండింట్లో చ ఉంది కాబట్టి ఇవి రెండూ దగ్గరి చుట్టాలు. కన్నడం లిపిలో మాత్రమే మనకి దగ్గర, భాషలో దూరం.

కెరె పక్కన ఇల్లు
బెంగళూరు నుంచి నా రెండు ముక్కలు. కన్నడంలో చెవి 'కివి'. మన చెరువు ఇక్కడ 'కెరె', మా అపార్టుమెంటు పక్కనే బోర్డు ఉంటుంది. చిరునవ్వు 'కిరునగె'. చిలుక 'గిళి'. చెడ్డవాడు 'కెట్టవను'. ఒకటీ రెండూ అయితే కాకతాళీయం అనుకోవచ్చు గానీ ఇన్నిట్లోనా?

ఇంకోటి. మన పాలు ఇక్కడ హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లు హల్లు. వచ్చిన కొత్తలో పాలవాడు తలుపు తట్టి "హాలు" అంటే మా అత్తగారు ముందుగదిలోకి రమ్మన్నారు.

రాతిపలక
చాలా రోజులకి మంచి ప్రశ్న వచ్చింది. నేను భాషాశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

కెరె పక్కన ఇల్లు గారు పెట్టిన జాబితాలోనే జవాబు ఉంది. రెండు భాషల మధ్య ఒక్క మాట పోలితే దానికి విలువ లేదు. ఒక భాషలో క ఉన్నచోటల్లా రెండోదాంట్లో చ వస్తూంటే, అదీ ఎ, ఇ అచ్చుల ముందే వస్తూంటే, అప్పుడు విలువ. చెవి, చెరువు, చిరు, చెడు, చేయు అన్నీ అదే కొలత. 'కన్ను' చూడండి, దాన్ని మనం 'చన్ను' చెయ్యలేదు. 'కాలు', 'కోడి', 'కుడి' కూడా క తోనే మిగిలాయి. ఎందుకంటే వాటిలో క తర్వాత ఉన్నవి అ, ఆ, ఓ, ఉ. ఉచ్చారణ చెడిపోతే ఇంత క్రమంగా చెడిపోదు కదా బాబాయ్ గారూ.

ఇక ఏది పాతది అన్న మాట. సాక్షుల్ని లెక్కపెడదాం. క చెప్పేవాళ్లు కన్నడం, తుళు (కెబి), గోండీ, కోలామీ. ఇంకా దూరం వెళ్తే జార్ఖండ్ వైపు కుడుఖ్ భాషలో 'ఖెబ్దా', బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో 'ఖఫ్'. ఆ రెండింట్లో ఖ గొంతులోంచి గరగరమంటూ వస్తుంది. ఉట్నూరు పిల్లవాడూ బలూచిస్తాన్ గొర్రెల కాపరీ కూడబలుక్కుని తెలుగు మాటని ఒకే తీరుగా పాడుచేశారంటే నమ్మడం కష్టం. అందరికీ పూర్వం ఉన్న ఒకే భాషలో క ఉండేది, దాన్ని చాలామంది నిలుపుకున్నారు, మనం మార్చుకున్నాం. ఆ పాత భాషని మూల ద్రావిడం అంటారు. దాని రాతలేవీ మిగల్లేదు. బిడ్డల్ని బట్టి తల్లి ముఖం ఊహించడమే.

కాబట్టి సారూ, మీ తరగతిలో పాత ఉచ్చారణ ఉన్నది ఆ పిల్లల నోట్లో. మారింది నల్లబల్ల మీది మాట.

మిర్చి బజ్జీ
ఇప్పుడైతే చెవి, కెవి రెండూ పోయి ఇయర్ అంటున్నారు. మా అబ్బాయికి పదిహేను దాటి తెలుగులో లెక్కపెట్టడం రాదు. ఇంగ్లీషు మీడియం వల్లే భాష మారిపోతోంది. దీని మీద ఎవరూ మాట్లాడరే?

సూటిమాట
బజ్జీ గారూ, అది వేరే దారం. ఇక్కడ వెయ్యేళ్ల కిందటి సంగతి నడుస్తోంది.

ఉట్నూరు సారు
మేడం, మీరు చెప్పింది సమజయ్యింది. గని క ఉన్నది చ ఎందుకయ్యింది? ఎవరన్న కూసోని 'రేపటి సంది ఇట్ల పలుకుదం' అని అనుకోరు గద.

రాతిపలక
ఎవరూ అనుకోరు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇప్పుడే ఒక పని చేసి చూడండి. గొంతు పెగలకుండా, నాలుక ఎక్కడ తగులుతోందో గమనిస్తూ 'కా' అనబోయి ఆగండి. నాలుక వెనక భాగం కొండనాలుక దగ్గరి మెత్తటి చోట ఆనుతుంది. ఇప్పుడు 'కీ' అనబోయి ఆగండి. ఆనే చోటు ముందుకి జరిగింది కదూ? ఇ పలకాలంటే నాలుక ముందుకి రావాలి. క పలికేటప్పుడే నోరు దానికి సిద్ధపడిపోతుంది. అంటే మనం 'కా'లోనూ 'కీ'లోనూ రాసేది ఒకే అక్షరమైనా నోట్లో అవి రెండు వేరే చోట్లు.

పెద్దవాళ్లు ఆ జరిగిన క ని పలుకుతారు, మనసులో మాత్రం అది క అనే ఉంటుంది. పిల్లలకి మనసు కనిపించదు, చెవికి తగిలిందే ప్రమాణం. ముందుకి జరిగిన క లో కాస్త ఈల లాంటి చప్పుడు కలిసి చ కి దగ్గరగా వినిపిస్తుంది. కొందరు పిల్లలు దాన్ని ఇంకొంచెం ముందుకి జరిపి పలుకుతారు. వాళ్ల పిల్లలకి అది సూటిగా చ నే. ఏ తరమూ తానేదో మార్చానని అనుకోదు. ఇది మన ప్రాంతపు వింత కూడా కాదు. లాటిన్‌లో 'కికెరో' అని పలికిన పేరుని ఇటలీవాళ్లు 'చిచెరోనె' అంటారు. అక్కడా ఎ, ఇ ల ముందే.

అయితే ఒక్క ఊళ్లో మొదలైన ఈ జరుగుడు ఎంతవరకు పాకుతుందన్నది నాలుక నిర్ణయించదు. ఎవరితో ఎవరు సంతకి వెళ్తారు, పిల్లనిచ్చిపుచ్చుకుంటారు, ఎవరిలా మాట్లాడితే గౌరవం అనుకుంటారు, వీటిని బట్టి ఉంటుంది. రాకపోకలు తెగిపోయిన చోట మార్పు ఆగిపోతుంది. అటువైపు వాళ్లు ఇంకో మార్పు మొదలెడతారు. కొన్ని వందల ఏళ్లకి ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. అప్పుడు వాటిని రెండు భాషలు అంటాం.

అందుకే ఇదే మార్పు గోండీలో ఎందుకు రాలేదని అడిగితే సూటిగా జవాబు లేదు. కారణం రెండు చోట్లా ఉంది. ఒకచోట పాకింది, ఒకచోట పాకలేదు.

సూటిమాట
మేడమ్, వినడానికి బాగుంది గానీ మీ సూత్రానికి నా దగ్గర చిల్లులున్నాయి. కిటికీ, కీర్తి, గెలుపు, కింద. అన్నింట్లోనూ ఎ, ఇ ల ముందు క గానీ గ గానీ ఉంది. చిటికీ, చీర్తి అనం కదా? కుదిరినవి చూపించి కుదరనివి దాస్తే దాన్ని సూత్రం అనరు.

రాతిపలక
ఇలా అడిగేవాళ్లే కావాలి. ఒక్కొక్కటీ చూద్దాం.

కీర్తి సంస్కృతం నుంచీ, కిటికీ ఉత్తరాది భాషల 'ఖిడ్కీ' నుంచీ వచ్చాయి. మార్పు జరిగే కాలంలో భాషలో లేని మాటలకి, లేదా పండితుల నోట సంస్కృతంలా పలుకుతూ ఉన్న మాటలకి అది అంటదు. కన్నడంలోనూ పాలు హాలు అయింది గానీ పుస్తకం 'హుస్తక' కాలేదు, చూడండి. పైగా పాత కన్నడ శాసనాల్లో ప తోనే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ మార్పు ముందూ వెనకా రాతిమీదే కనిపిస్తుంది. గెలుపు గ తో ఉంది. మార్పు తగిలింది క కి, గ చాలావరకు తప్పించుకుంది.

'కింద' మాత్రం నాకు చాలా ఇష్టమైన మాట. తమిళంలో దీని చుట్టం 'కీళ్'. ఆ చివరి ళ మామూలుది కాదు, తమిళులు పండుని 'పళం' అనేటప్పుడు నాలుక మడిచి పలికేది. పాత తెలుగు శాసనాల్లోనూ దానికి వేరే అక్షరం ఉండేది. తర్వాత అది మన దగ్గర డ లో కలిసిపోయింది, అందుకే తమిళం 'ఏళు' మనకి ఏడు, 'కోళి' మనకి కోడి.

ఇప్పుడు కింద సంగతి. తెలుగులో ఒకప్పుడు ఇంకో వింత జరిగింది. మాట మధ్యలో ఉన్న ర, ల, ఈ మడత ళ లాంటివి ముందుకి ఉరికాయి. తమిళం 'ఉరల్' మనకి రోలు అయింది. 'ఇళ' లేత అయింది. 'మరం' మ్రాను అయింది. 'పొళుదు' ప్రొద్దు అయింది. అలాగే 'కీళ్' లోని ఆ శబ్దం ముందుకి దూకి క వెంట అతుక్కుని 'క్రింద' అయింది. క పక్కన ఇప్పుడు ఇ లేదు, మధ్యలో ర అడ్డం ఉంది. ఆ సమయంలో క చ గా మారే గాలి వీచినా దానికి తగల్లేదు. తర్వాత ఎప్పుడో, క్రొత్త కొత్త అయినట్టు, మ్రాను మాను అయినట్టు, ఆ ర కూడా జారిపోయి కింద మిగిలింది. అప్పటికి చ మార్పు అయిపోయింది.

అంటే ఏ తేదీ తెలియకపోయినా వరస తెలిసింది. ముందు అక్షరాల దూకుడు, తర్వాత క చ కావడం, ఆ తర్వాత ర పోవడం. తెలుగు వాక్యం రాతిమీద కనిపించే కాలానికి, అంటే 575 నాటి కలమళ్ళ శాసనం వైపుకి వచ్చేసరికి, మొదటి రెండూ ముగిసిపోయాయి. మూడోది తర్వాతి కవిత్వంలో మన కళ్ల ముందే జరుగుతుంది. మీరు చిల్లు అనుకున్నదే మాకు గడియారం.

సూటిమాట
కింద ఒప్పుకున్నాను. మరి 'కీడు'? దేశ్యమే కదా. చీడు ఎందుకు కాలేదు?

రాతిపలక
అది నా గొంతులోనూ పచ్చి వెలక్కాయే. కన్నడం నుంచి తర్వాత వచ్చి చేరిందంటే లెక్క సరిపోతుంది. కానీ కుదరని ప్రతి మాటనీ అరువు ఖాతాలో వేసేస్తే మీరు నన్ను వదలరు, వదలకూడదు కూడా. దాన్ని అలా పక్కన పెడదాం.

టీనగర్ తెలుగు
నా పాయింటుకి ఎవరూ జవాబివ్వలేదు. క చ గా మారడం మన రెండు భాషల్లోనే జరిగితే, మనిద్దరం కలిసున్నప్పుడు జరిగినట్టే కదా? ఇక్కడివాళ్లు తెలుగు తమిళం నుంచే పుట్టిందంటారు. అది మరీ ఎక్కువనుకోండి, కానీ దగ్గరితనం ఉంది. 'రెండు'ని వీధిలో తమిళులూ 'రెండు' అనే అంటారు.

రాతిపలక
మీ అనుమానం సహజమైనదే. చిక్కు ఎక్కడుందో చూపిస్తాను. చెడ్డని తమిళంలో ఏమంటారు?

టీనగర్ తెలుగు
'కెట్ట'. అవును... ఇక్కడ క నే ఉంది. చిలుక కూడా 'కిళి'.

రాతిపలక
అదే. తమిళంలో తర్వాతి హల్లు ట, ళ లాంటి నాలుక మడత అక్షరమైతే క మారలేదు. నాలుక వెనక్కి మడవాలి కాబట్టి ముందుకి జరగడానికి వీల్లేకపోయింది. తెలుగులో ఆ మినహాయింపు లేదు. చెడు, చిలుక రెండూ మారిపోయాయి. ఒకే ఇంట్లో ఒకేసారి జరిగిన మార్పు అయితే షరతులు ఒకటే ఉండాలి. ఇవి రెండు ఇళ్లలో విడివిడిగా జరిగినవి. కారణం అందరి నోట్లోనూ ఉన్నదే కాబట్టి రెండుచోట్ల పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

తమిళం తల్లి అనేదానికి కూడా ఇక్కడే అడ్డం పడుతుంది. తమిళంలో 'చెవి' అయిపోయాక దాన్నుంచి కన్నడం పుట్టి ఉంటే, ఏ చ ఒకప్పుడు క యో కన్నడిగులకి ఎలా తెలుస్తుంది? మొదటినుంచీ చ గా ఉన్న మాటల్ని వదిలేసి సరిగ్గా మారినవాటినే వెనక్కి తిప్పాలి. అది జరిగే పని కాదు. తమిళంలో చాలా పాత లక్షణాలు నిలిచాయి, సాహిత్యం ముందుగా దొరికింది. అంతమాత్రాన పెద్దక్క అమ్మ కాదు.

వీధి తమిళంలో 'రెండు' అనేది 'ఇరండు'లో మొదటి ఇ నలిగిపోయి ఈమధ్య వచ్చింది. ఉరల్ మాత్రం అక్కడ ఎప్పుడూ రోలు కాలేదు.

డల్లాస్ బాబాయ్
ఇదంతా కాల్డ్వెల్ దొర చేసిన పని. ద్రావిడం అని పేరు పెట్టి మనల్ని విడగొట్టడానికి. మన పత్రికల్లో సగం మాటలు సంస్కృతమే, దానికేమంటారు?

కెరె పక్కన ఇల్లు
బాబాయ్, కాల్డ్వెల్ పుస్తకం 1856. దానికి నలభై ఏళ్ల ముందే, 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు ఈ మాట అచ్చులో పెట్టాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా వచ్చింది. తెలుగు, కన్నడం, తమిళం ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు.

రాతిపలక
ఇంకో సంగతి చేర్చనివ్వండి. ఎల్లిస్ తన వాదనకి ఆసరా తీసుకున్నది మచిలీపట్నం మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక నుంచి. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన పండితులే మాటల్ని వేరుచేసి పెట్టారు. మొదటి రెండూ సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చినవని వాళ్లకి తెలుసు. ఎల్లిస్ చేసిందల్లా మూడో కుప్పని తీసుకుని పొరుగు భాషల దేశ్యాలతో పోల్చడం. దొర కనిపెట్టిందనడం మనవాళ్లకే అన్యాయం.

సగం సంస్కృతం అన్నది పత్రిక సంపాదకీయం వరకు నిజం. అరువు మాటలు ఎన్నైనా చేరతాయి, పుట్టుకని అవి చెప్పవు. నేను, నువ్వు, రెండు, మూడు, కన్ను, కాలు, రా, పో, ఉంది, లేదు, ఇవి తీసేసి ఒక్క వాక్యం చెప్పండి. 'శ్రవణం'లోంచి చెవి రావాలంటే బ్రాహుయీ 'ఖఫ్' కూడా అందులోంచే రావాలి, ఆ దారి నాకైతే కనిపించదు.

డల్లాస్ బాబాయ్
నా అభిప్రాయం నాది. కానీ ఆంధ్రదీపిక పేరు ఇప్పుడే విన్నాను, వెతుకుతాను.

ఉట్నూరు సారు
అయితె మేడం, తెలుగుకు అందరికంటె దగ్గరి చుట్టం ఎవరు? మా గోండు పిల్లలు రెండును 'రండ్' అంటరు. పడుచు పిలగాన్ని 'లేయోర్' అంటరు, మీరు చెప్పిన లేత అదే కదా? ఇంకోటి, వాళ్లు ఆడమనిషిని గూడ 'అద్' అంటరు, మన 'అది' లెక్క. తమిళం, కన్నడంల 'అవళ్', 'అవళు' అని వేరుగ ఉంటది.

రాతిపలక
మీరు సరైన చోటే తవ్వుతున్నారు సారూ. లేయోర్‌లో ల ముందుకి దూకింది, మన లేతలో దూకినట్టే. తమిళ కన్నడాల్లో దూకలేదు. ఈ దూకుడు తెలుగు, గోండీ, కువి, కుయి, కొండ అనే భాషల్లో కనిపిస్తుంది. ఇలా ఎవరికీ లేని కొత్త మార్పుని కొందరు కలిసి పంచుకుంటేనే వాళ్లు కొంతకాలం ఒకే ఇంట్లో ఉన్నారని చెప్పగలం. అందుకే భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని తమిళ కన్నడాల పక్క నుంచి తీసి గోండీ, కువి గుంపులో పెట్టారు. క చ కావడం గోండీలో లేదు కాబట్టి అది విడిపోయాక మనం ఒక్కళ్లమే చేసుకున్నది. కింద అన్న మాట చెప్పిన వరసా ఇదీ ఒకదానికొకటి సరిపోయాయి చూశారా.

'అది' విషయంలో మాత్రం ఆగండి. మీ కోలాం పిల్లల్ని అడగండి, వాళ్లూ అలాగే అంటారు. కోలామీ ఇంకో కొమ్మది. అందరికీ పాతకాలం నుంచి వచ్చిన అలవాటుని నిలుపుకోవడం వేరు, కలిసి కొత్తది చేసుకోవడం వేరు. తాత ముక్కు ఇద్దరికి వచ్చినంత మాత్రాన వాళ్లు అన్నదమ్ములే అనలేం, దాయాదులు కూడా కావచ్చు. ఆడమనిషికి వేరే మాట ఉండడం పాతదా, తర్వాత వచ్చిందా అన్నదాని మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు.

మన్యం చీపురు
ఆలస్యంగా చూశాను. మాది పార్వతీపురం వైపు కొండ ఊరు. మా చుట్టుపక్కల కువి మాట్లాడేవాళ్లు చెవిని 'క్రియు' అంటారు. మేడమ్ లెక్క ప్రకారం మధ్యలోని ర ముందుకి దూకాలి. కానీ చెవిలో గానీ కెవిలో గానీ ర ఎక్కడుంది?

సూటిమాట
ఇదిగో, కీడుకి తోడు దొరికింది.

రాతిపలక
ఒడిశాలో కుయి వాళ్లూ 'క్రియు' లాగే అంటారు, కాబట్టి పొరపాటుగా విన్నది కాదు. మూల రూపంలోనే మనందరం పోగొట్టుకున్న హల్లు ఒకటి ఉండి ఉండాలి, లేదా వాళ్ల దగ్గర వేరే మాట వచ్చి కలిసి ఉండాలి. మొదటిది నిజమైతే మిగతా కువి మాటల్లోనూ దాని జాడ ఉండాలి. చీపురు గారూ, చెయ్యి, చెరువు, చిన్న, చేయడం, చెడిపోవడం, ఈ ఐదింటికి మీ ఊళ్లో ఏమంటారో పెద్దవాళ్లని అడిగి ఇక్కడ పెట్టగలరా? ఊరి పేరు కూడా రాయండి, లోయకీ లోయకీ తేడా ఉంటుంది.

మన్యం చీపురు
గురువారం సంత ఉంది, నాలుగు ఊళ్ల వాళ్లు దిగుతారు. అడిగి రాస్తాను. చెరువుకి మాత్రం తెలుగు మాటే వాడతారనుకుంటా.